నెట్‌వాడి డబ్బా ఉంచుకోవాలా, సొంత రౌటర్ కొనాలా?

కూకట్‌పల్లిలో ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకుంటే వైఫై డబ్బా దాంతోపాటే వస్తుంది. ఆరు నెలలదో ఏడాదిదో ప్లాన్ ఒకేసారి కడితే ఉచితం అంటారు. నెలవారీ ప్లానైతే కొందరు డిపాజిట్ అడుగుతారు. టెక్నీషియన్ వచ్చి, గుమ్మం పక్కన గోడకు డబ్బా తగిలించి, ఫోన్‌లో వైఫై కలిపి చూపించి వెళ్లిపోతాడు. కొన్నాళ్లకు బెడ్‌రూములో ఆఫీసు మీటింగ్ మధ్యలో ఆగిపోవడం మొదలవుతుంది. వాళ్లిచ్చే డబ్బాలు అంతే, మంచి రౌటర్ కొనుక్కో అని ఎవరో ఒకరు చెబుతారు. సికింద్రాబాద్ సీటీసీలోనో ఆన్‌లైన్‌లోనో నాలుగు వేలు పెట్టి కొని, పాత డబ్బా వైరు పీకి కొత్తదానికి గుచ్చితే నెట్ రాదు. లైను బాగానే ఉంది, మీ రౌటర్‌లోనే ఏదో ఉంది అంటుంది కస్టమర్ కేర్. రౌటర్ బాగానే ఉంది, లైను చూసుకోండి అంటాడు అమ్మినవాడు. చాలాసార్లు ఇద్దరూ చెప్పేది నిజమే. రెండూ బాగానే ఉంటాయి. ఆ రెంటి మధ్య జరగాల్సిన లాగిన్ మాత్రం జరగదు.

ఈ మధ్య ఈ అవస్థ ఎక్కువమందికి ఎదురవడానికి ఒక కారణం కరెంటు స్తంభాల మీద ఉంది. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత విద్యుత్ సంస్థ నగరంలో స్తంభాలకు వేలాడుతున్న కేబుళ్లను కత్తిరించింది. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. నెట్ పోయిన ఇళ్లలో కొందరు ఏ కంపెనీ ముందు లైను ఇస్తే దానికి మారిపోయారు. కంపెనీ మారితే లాగిన్ పద్ధతి మారుతుంది. నిన్నటిదాకా బాగా పనిచేసిన సొంత రౌటర్ కొత్త లైనుకు అతకదు. అందుకే రౌటర్ గొప్పదా కాదా అని చూసేముందు, మన ఇంటికొచ్చిన లైను ఎలాంటిదో తెలుసుకోవాలి.

ముందుగా ఆ డబ్బాలో ఏముందో చూద్దాం. చూడడానికి ఒకటే అయినా అది మూడు పనులు చేస్తుంది. ఫైబర్‌లో వచ్చే కాంతిని కంప్యూటర్‌కు అర్థమయ్యే సంకేతంగా మార్చడం మొదటిది. ఈ కనెక్షన్ ఫలానావారిది, డబ్బు కట్టారు అని కంపెనీ సర్వర్‌కు రుజువు చేయడం రెండోది. అదే లాగిన్. వచ్చిన నెట్‌ను వైఫైగా, వైర్లుగా ఇంటిల్లిపాదికీ పంచడం మూడోది. మనం కొనే రౌటర్ మూడో పని బాగా చేస్తుంది. రెండోది వివరాలు ఇస్తే చేస్తుంది. మొదటిది మామూలు రౌటర్ చేయలేదు. అందుకు ఓఎన్‌టీ (ఫైబర్ చివర ఉండి కాంతిని సంకేతంగా మార్చే పరికరం) కావాలి. సన్నటి ఫైబర్ తీగ, దాని కొసన ఆకుపచ్చ ప్లగ్గు మీ డబ్బాలోకి వెళ్తుంటే, ఆ డబ్బా ఓఎన్‌టీ అన్నట్టే. దాన్ని తీసేసి ఆ స్థానంలో కొత్త రౌటర్ పెట్టడం కుదరదు. రౌటర్‌కు ఆ ప్లగ్గు పట్టే రంధ్రమే ఉండదు.

ఒక ఇంటిని తీసుకుని చూద్దాం. కేపీహెచ్‌బీ కాలనీలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. 200 ఎంబీపీఎస్ ప్లాన్. డబ్బా హాల్లో తలుపు పక్కన, చెప్పుల స్టాండు పైన ఉంది. వెనక బెడ్‌రూముకు మధ్యలో రెండు గోడలు. ఆ గదిలో కూర్చుని మాదాపూర్ ఆఫీసు పని చేసుకునే ఆయన ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెడితే 25 దాటడం లేదు.

ఇక్కడ కొనడం కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. లాప్‌టాప్‌ను డబ్బా దగ్గరికి తీసుకెళ్లి, వైఫై ఆపేసి, నెట్‌వర్క్ వైరుతో నేరుగా కలిపి కొలవాలి. 190 పైచిలుకు వస్తే లైను శుభ్రంగా ఉన్నట్టు. లోపం పంపిణీలో ఉంది, అంటే మూడో పనిలో. సొంత రౌటర్ కొంటే ఉపయోగం ఉంటుంది. వైరుతోనూ 25 దగ్గరే ఆగితే ఎంత ఖరీదైన రౌటర్ పెట్టినా మారదు, కంప్లయింట్ ఇవ్వాల్సిందే. మూడో రకం ఫలితం కూడా ఉంది. ఎన్నిసార్లు కొలిచినా 94 దగ్గర అతుక్కుపోతుంది. దారిలో ఎక్కడో 100 ఎంబీపీఎస్‌కు మించని పోర్టు గాని, ఎనిమిది తీగల్లో నాలుగే తగులుతున్న వైరు గాని ఉందని దానర్థం. పాత చవక డబ్బాల్లో ఇది మామూలే. వైరు మార్చి చూసినా 94 దాటకపోతే డబ్బా మార్చమని కంపెనీనే అడగవచ్చు. 200 ప్లాన్ అమ్మి 100 పోర్టు ఇచ్చినప్పుడు ఆ ఖర్చు మనం పెట్టుకోవడంలో అర్థం లేదు.

మన ఉదాహరణలోని ఇంట్లో వైరుతో 190 దాటింది. అంటే రౌటర్ కొనవచ్చు. ఇక దాన్ని ఎలా కలపాలన్నదే ప్రశ్న. దానికి జవాబు లాగిన్ ఎక్కడ జరుగుతోందన్న దాన్నిబట్టి ఉంటుంది. హైదరాబాద్‌లో పద్ధతులు ప్రధానంగా మూడు.

మొదటిది అపార్టుమెంటు మెట్ల దగ్గరో టెర్రస్ మీదో ఉన్న స్విచ్ నుంచి నేరుగా నెట్‌వర్క్ వైరు ఇంట్లోకి రావడం. తర్వాతి రోజుల్లో ఆక్ట్‌లో కలిసిపోయిన బీమ్ టెలికాం నగరంలో ఈ పద్ధతిని బాగా అలవాటు చేసింది. అప్పట్లో బ్రౌజర్ తెరిస్తే ఒక పేజీ వచ్చేది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొడితేనే నెట్. ఇలాంటి వైరు లైనుకు సొంత రౌటర్ పెట్టడం అన్నింటికంటే తేలిక, ఎందుకంటే మొదటి పని బిల్డింగులోనే అయిపోయింది. కాకపోతే కొన్ని కంపెనీలు మ్యాక్ అడ్రస్‌ను (ప్రతి నెట్‌వర్క్ పరికరానికీ తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్య) లైనుకు ముడిపెడతాయి. వైరు గుచ్చగానే లైటు వెలుగుతుంది, నెట్ మాత్రం రాదు. అప్పుడు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి పాత మ్యాక్ తీసేయమనాలి. లేదా కొత్త రౌటర్‌లో `MAC Clone` అనే చోట పాత డబ్బా అడుగున అచ్చువేసిన సంఖ్యను ఎక్కించాలి.

రెండోది పీపీపీఓఈ. రౌటర్ తెరమీద `PPPoE` అని కనిపిస్తుంది. బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్ దీనిమీదే నడుస్తుంది. ఎయిర్‌టెల్‌లో కూడా చాలా కనెక్షన్లకు ఇదే వాడారు. ఇందులో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ డబ్బా లోపలే దాచి ఉంటాయి. డబ్బా ఆన్ కాగానే ముందు లైనులోకి ఒక కేక వేస్తుంది, సర్వర్ ఎవరైనా ఉన్నారా అని. సర్వర్ పలికాక యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పంపుతుంది. సరిపోతే దారి తెరుచుకుంటుంది. ఈ రెండు మెట్లు విడివిడిగా గుర్తుంచుకోవాలి. ఎక్కడ తప్పిందో తెలియాలంటే ఇదే ఆధారం.

సర్వర్ పలకలేదు అని రౌటర్ చూపిస్తే పాస్‌వర్డ్ మార్చిమార్చి కొట్టడం వృథా. పాస్‌వర్డ్ దాకా వ్యవహారం వెళ్లనే లేదు. ఎక్కువసార్లు వీల్యాన్ నంబరు (ఒకే తీగలో నెట్, ఫోన్, టీవీ కలిసిపోకుండా ఒక్కోదానికి వేసే చీటీ) లేకపోవడమే కారణం. ఈ నంబరు కంపెనీని బట్టి, కొన్నిచోట్ల ప్రాంతాన్ని బట్టి మారుతుంది. ఎయిర్‌టెల్‌లో చాలాచోట్ల 100 అని కనిపిస్తుంది. బీఎస్‌ఎన్‌ఎల్‌లో ఒక్కోచోట ఒక్కో నంబరు. పక్కింటివాళ్ల నంబరు పనికొస్తుందని నమ్మకండి, మీ డబ్బాలో ఉన్నదే చూసుకోండి. రౌటర్ కొనేటప్పుడు ఈ నంబరు ఎక్కించే వీలుందో లేదో కూడా చూసుకోవాలి. టీపీ లింక్ మోడళ్లలో ఇది `IPTV/VLAN` అనే పేజీలో ఉంటుంది, ఇంటర్నెట్ పేజీలో వెతికితే దొరకదు.

సర్వర్ పలికి, లాగిన్ తప్పు అని తిప్పికొడితే కథ వేరు. విండోస్‌లో నేరుగా కలిపితే ఇది ఎర్రర్ 691గా వస్తుంది. పాస్‌వర్డ్ తప్పయినా కావచ్చు, ప్లాన్ గడువు తీరిపోయినా కావచ్చు. ఇంకో కారణం చాలామందికి తట్టదు. పాత డబ్బా చేసిన లాగిన్ సర్వర్‌లో ఇంకా బతికే ఉండవచ్చు. ఒక పేరుమీద ఒకే లాగిన్ అనుమతించే చోట కొత్త రౌటర్‌ను సర్వర్ రానివ్వదు. పాత డబ్బా ఆపేసి పది పదిహేను నిమిషాలు ఆగి ప్రయత్నిస్తే తరచుగా అదే సర్దుకుంటుంది.

పాస్‌వర్డ్ ఎక్కడ దొరుకుతుంది? పాత డబ్బా పేజీలో యూజర్‌నేమ్ కనిపిస్తుంది, పాస్‌వర్డ్ చుక్కలుగా ఉంటుంది. కస్టమర్ కేర్‌ను అడిగి మార్పించుకోవడమే రాజమార్గం. కొన్ని కంపెనీలు ఇస్తాయి, కొన్ని నసుగుతాయి. జర్మనీలో 2016 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం ఏ రౌటర్ పెట్టుకోవాలో వినియోగదారుడే నిర్ణయించుకుంటాడు. లాగిన్ వివరాలు అడగకుండానే ఇవ్వాల్సిన బాధ్యత కంపెనీది. మన దగ్గర కస్టమర్ కేర్‌లో ఆ పూట ఎవరు ఫోన్ ఎత్తారన్న దానిమీద చాలా ఆధారపడి ఉంటుంది.

ఫైబర్ మీద పీపీపీఓఈ ఉన్నప్పుడు సొంత రౌటర్‌తో లాగిన్ చేయించాలంటే ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో (లాగిన్, వైఫై పనులు మాని కాంతిని మార్చడం వరకే చేసే స్థితిలో) పెట్టాలి. చాలా డబ్బాల్లో మనకిచ్చిన అడ్మిన్ ఖాతాకు ఆ మీట కనబడదు. కంపెనీవాళ్లు దూరం నుంచి మార్చాలి, లేదా టెక్నీషియన్ వచ్చి మార్చాలి. మార్చాక ఒక సంగతి మార్చినవాళ్లనే అడిగి తెలుసుకోండి: వీల్యాన్ చీటీ ఓఎన్‌టీ వేస్తుందా, రౌటర్ వేయాలా? ఇద్దరూ వేసినా పనిచేయదు, ఇద్దరూ మానేసినా పనిచేయదు.

మూడో పద్ధతిలో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అంటూ ఏమీ ఉండవు. జియోఫైబర్ ఇలాంటిది. కంపెనీ ఎక్స్చేంజిలో ఆ ఓఎన్‌టీ సీరియల్ నంబరు నమోదై ఉంటుంది. ఆ డబ్బా కనబడితే చాలు, దారి తెరుస్తారు. అంటే ఆ డబ్బానే మీ లాగిన్. బయట కొన్న ఓఎన్‌టీ గుచ్చితే, నమోదు కాని సీరియల్ కాబట్టి అవతలి పరికరం పట్టించుకోదు. బీఎస్‌ఎన్‌ఎల్‌లో సొంతంగా కొన్న ఓఎన్‌టీని స్థానిక ఫ్రాంచైజీ చేత నమోదు చేయించుకునే అలవాటు ఉంది గాని, అక్కడ కూడా ఎక్స్చేంజి పరికరం ఏ రకమో అడిగి అదే రకం కొనాలి.

మన ఫ్లాట్‌కు తిరిగి వద్దాం. వాళ్లది ఓఎన్‌టీ లైను. నా సలహా ఏమిటంటే, లాగిన్ జోలికి పోనే వద్దు. వాళ్లకు కావాల్సింది మూడో పని ఒక్కటే. ఓఎన్‌టీని దాని చోట ఉంచి, దాని పోర్టు నుంచి వెనక బెడ్‌రూము గుమ్మం దాకా ఒక నెట్‌వర్క్ వైరు లాగి, అక్కడ కొత్త రౌటర్ పెట్టి, దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (వైఫై పంచడం తప్ప వేరే పని చేయని స్థితిలో) నడపాలి. రౌటర్ మెనూలో `Operation Mode` అనే చోట `Access Point` అని ఎంచుకోవడమే. పీపీపీఓఈ, వీల్యాన్, మ్యాక్ ఇవేవీ తాకనక్కర్లేదు. కంపెనీ ఏ పద్ధతి వాడినా, రేపు కంపెనీయే మారినా ఈ అమరిక నడుస్తుంది.

మోడ్ మార్చకుండా రౌటర్‌ను అలాగే ఓఎన్‌టీ వెనక తగిలిస్తే కూడా నెట్ రావచ్చు. కాని అప్పుడు గేటు దగ్గర ఒక వాచ్‌మన్, ఫ్లాట్ గుమ్మంలో ఇంకో వాచ్‌మన్ అన్నట్టు తయారవుతుంది. బయటికి పోయేదాన్ని ఇద్దరూ పోనిస్తారు, లోపలికి వచ్చేదాన్ని ఇద్దరూ ఆపి ఎవరికోసం అని అడుగుతారు. సినిమాలు చూడడానికి ఇబ్బంది ఉండదు. హాల్లోని వైఫైలో ఉన్న ప్రింటర్ మాత్రం బెడ్‌రూము లాప్‌టాప్‌కు కనబడదు. పైగా రెండు డబ్బాలూ `192.168.1.1` అనే చిరునామానే పెట్టుకుని ఉంటే అసలు నెట్టే ఆగిపోవచ్చు. జియో డబ్బా చిరునామా `192.168.29.1` కాబట్టి అక్కడ ఈ గొడవ అరుదు.

కొత్త వైఫైకి పాత వైఫై పేరూ పాస్‌వర్డే అక్షరం పొల్లుపోకుండా పెట్టండి. ఫోన్లు, టీవీ, కెమెరా అన్నీ మళ్లీ అడగకుండానే కలుస్తాయి. పాత డబ్బా వైఫై ఆపాలా వద్దా అన్నది ఇంటిని బట్టి ఉంటుంది. రెండూ ఒకే గదిలో ఉంటే ఆపేయాలి. హాస్టళ్లూ అపార్టుమెంట్లూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండే కూకట్‌పల్లిలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు ఇప్పటికే కిక్కిరిసి ఉంది. దానికి మనం ఇంకొకటి చేర్చడం దేనికి? మన ఉదాహరణలో రెండు డబ్బాల మధ్య రెండు గోడలు ఉన్నాయి కాబట్టి హాల్లోది హాలుకు ఉంచుకోవచ్చు. ఆపేముందు కంపెనీ ఇచ్చిన టీవీ సెట్‌టాప్ బాక్స్ ఆ వైఫై మీదే ఆధారపడి ఉందేమో చూసుకోవాలి. ల్యాండ్‌లైన్ ఫోన్ వైరు మాత్రం ఎప్పటికీ ఓఎన్‌టీకే ఉండాలి. ఆ కాల్స్ వివరాలు అందులోనే ఉంటాయి.

మరి లాగిన్‌ను సొంత రౌటర్‌కు మార్చుకోవాల్సింది ఎవరు? వైరు లైను ఉన్నవాళ్లు నిశ్చింతగా మార్చుకోవచ్చు. ఇంట్లో సొంత సర్వర్ నడిపేవాళ్లు, పిల్లల వాడకానికి వేళలు పెట్టాలనుకునేవాళ్లు మార్చుకుంటే లాభం ఉంది. బయటి నుంచి ఇంటి కెమెరా చూడాలని మార్చేవాళ్లు మాత్రం ముందు ఒకటి గమనించాలి. రౌటర్ తెరమీద కనిపించే బయటి చిరునామా, ఐపీ చూపించే వెబ్‌సైటులో కనిపించే చిరునామా ఒకటేనా? రౌటర్‌లో ఉన్నది `10.` తో గాని, `100.64` నుంచి `100.127` మధ్య గాని మొదలై రెండూ వేరుగా ఉంటే, కంపెనీ ఒకే చిరునామాను చాలా ఇళ్లకు పంచుతోందని అర్థం. అది రౌటర్‌తో తీరే సమస్య కాదు. డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ తీసుకోవాలి, లేదా తయారీదారు క్లౌడ్ ద్వారా నడిచే కెమెరా వాడుకోవాలి.

లాగిన్ మార్చుకున్న ఐటీ ఉద్యోగులకు వచ్చే ఒక చిక్కు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నెట్ బాగా వస్తుంది, యూట్యూబ్ ఆడుతుంది, ఆఫీసు వీపీఎన్ కూడా కలుస్తుంది. కాని వీపీఎన్ లోపల మెయిల్ తెరుచుకోదు, పేజీలు సగం వచ్చి ఆగుతాయి. నెట్‌లో ఒక ప్యాకెట్ మామూలుగా 1500 బైట్లు. పీపీపీఓఈ తన చీటీకి అందులో 8 బైట్లు తీసుకుంటుంది. మిగిలింది 1492. రౌటర్‌లో ఆ సంఖ్య 1500 అనే ఉండిపోతే చిన్న ప్యాకెట్లు వెళ్తాయి, నిండు ప్యాకెట్లు దారిలో రాలిపోతాయి. వీపీఎన్ తన వంతు చీటీలు కూడా తగిలిస్తుంది కాబట్టి దెబ్బ ముందు అక్కడే కనిపిస్తుంది. వీపీఎన్ ఆపేసి, విండోస్‌లో ఇలా పరీక్షించవచ్చు:

```
ping -f -l 1464 8.8.8.8
ping -f -l 1472 8.8.8.8
```

1464కు ప్యాకెట్ తల భాగం 28 కలిపితే 1492. మొదటిది వెళ్లి, రెండోదానికి ప్యాకెట్‌ను ముక్కలు చేయాలి అన్న సందేశం వస్తే అంతా సవ్యంగా ఉంది. రెండోదానికి ఏ జవాబూ లేకుండా సమయం ముగిసిందని వస్తే, రౌటర్ `WAN` పేజీలో `MTU` దగ్గర 1492 పెట్టాలి. ఆ తర్వాతా వీపీఎన్ మొండికేస్తే ఆఫీసు ఐటీ విభాగానికి ఈ ఫలితమే చూపించండి, వాళ్లు తమవైపు తగ్గిస్తారు.

కంపెనీ డబ్బా వల్ల ఒక సౌకర్యం ఉందని మరిచిపోకూడదు. వాళ్లు దూరం నుంచే దాన్ని చూడగలరు, సరిచేయగలరు. ఫైబర్‌లో కాంతి ఎంత అందుతోందో వాళ్ల తెరమీద కనిపిస్తుంది. అదే సౌకర్యం ఇబ్బంది కూడా అవుతుంది. వాళ్లు సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు మీరు పెట్టించుకున్న బ్రిడ్జ్ మోడ్ పోయి డబ్బా మొదటికి రావచ్చు. ఏ మార్పూ చేయని రోజున సొంత రౌటర్ ఉన్నట్టుండి సర్వర్ పలకలేదు అంటే, ముందు అనుమానించాల్సింది దీన్నే.

పాత డబ్బా వెనక సన్నటి రంధ్రంలో ఉండే రీసెట్ మీటను పిన్నుతో నొక్కే ముందు ఆలోచించండి. అది వైఫై పాస్‌వర్డ్ ఒక్కటే చెరపదు. యూజర్‌నేమ్, వీల్యాన్ నంబరు కూడా తుడిచేస్తుంది. కొన్ని కంపెనీల డబ్బాలు వాటిని తిరిగి తెచ్చుకుంటాయి, కొన్నింటికి టెక్నీషియన్ వచ్చేదాకా నెట్ ఉండదు. ఏది ముట్టుకునే ముందైనా పాత డబ్బా `WAN` పేజీని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోవాలి.

కొనేటప్పుడు పెట్టె మీద చూడాల్సినవి కొద్దే. రెండు బ్యాండ్లు, అన్ని పోర్టులూ గిగాబిట్, యాక్సెస్ పాయింట్ మోడ్, వీల్యాన్ సౌకర్యం. మోడెం రౌటర్ అని రాసి ఉంటే పోర్టు చూడండి. సన్నటి టెలిఫోన్ వైరు పట్టేదైతే అది పాత రాగి తీగల బ్రాడ్‌బ్యాండ్‌కు చేసింది. ఇప్పుడు డబ్బాలు రెండయ్యాయి కాబట్టి కరెంటు పోయినప్పుడు రెండింటికీ బ్యాకప్ కావాలి. మినీ యూపీఎస్ కొనేముందు రెండు అడాప్టర్ల మీదా వోల్టేజీ చదవండి. ఒకటి 12, ఇంకొకటి 9 ఉండవచ్చు. ఓఎన్‌టీ, దాని అడాప్టర్ కంపెనీ సొత్తు. కనెక్షన్ ముగించేటప్పుడు రెండూ తిరిగి ఇచ్చి, సీరియల్ నంబరు రాసిన రసీదు తీసుకోండి.